కొత్తగా చేరినావిడ గురించి ఏం రాయాలి?

ఆఫీసులో ఎవరైనా కొత్తగా చేరితే ఆ రోజో మర్నాడో సంస్థ ఇంట్రానెట్‌లో ఒక పరిచయం వస్తుంది. పైన ఫొటో, కింద పేరు, హోదా, ఆ తర్వాత ఐదారు వాక్యాలు. అపారమైన అనుభవం ఉన్నవారనీ, నలుగురితో కలిసి పనిచేసే స్వభావమనీ, వారి రాకతో సంస్థ కొత్త శిఖరాలు చేరుతుందనీ ఉంటుంది. చివర సాదర స్వాగతం. పేరు, ఫొటో మార్చి అదే పరిచయాన్ని ఇంకొకరికి పెట్టినా ఎవరూ కనిపెట్టలేరు. చదివిన మనిషికి కొత్తగా తెలిసింది ఏమీ ఉండదు కాబట్టి మధ్యాహ్నానికల్లా మర్చిపోతాడు.

ఈ చిన్న రాత ఎవరి కోసమో ముందు చూద్దాం. సంస్థ గొప్పదనాన్ని చాటడానికి దీని అవసరం లేదు, ఎందుకంటే చదివేవాళ్లందరూ లోపలివాళ్లే. కొత్తగా వచ్చినవారిని పొగడటానికీ కాదు. పక్క విభాగంలో పనిచేసే ఒక సూపర్‌వైజరుకు, ఆ కొత్త మనిషి దగ్గరికి తాను ఏ పని మీద వెళ్లాలో తెలియాలి. క్యాంటీన్లో ఎదురైతే మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలి. ఈ రెండూ అందితే పరిచయం పని పూర్తయినట్టే. వాటికి కావలసిన సరుకంతా ఆ మనిషి గతంలోనే ఉంటుంది. కాకపోతే అది రెజ్యూమెలో పైకి కనబడదు. దాన్ని బయటికి తీయడం ఒక పని. తీసినదాంట్లో ఏది రాయకూడదో తేల్చుకోవడం అంతకంటే పెద్ద పని.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటినుంచీ చూద్దాం. ఊహించుకున్నదే అయినా ఇలాంటివి మన దగ్గర ప్రతి నెలా జరిగేవే. విశాఖపట్నం పక్కన పరవాడలో ఫార్మా సిటీ ఉంది. అక్కడ మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో నాణ్యతా విభాగానికి కొత్త డిప్యూటీ మేనేజరు వచ్చారనుకుందాం. అక్కడివాళ్లు ఆ విభాగాన్ని క్యూఏ అంటారు. వచ్చినావిడ శ్రీకాకుళంలో డిగ్రీ, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివారు. నాలుగేళ్లు పరీక్షల ల్యాబ్‌లో, ఆ తర్వాత ఐదేళ్లు వేరే కంపెనీ క్యూఏలో పనిచేశారు. పరిచయం రాయవలసిన హెచ్‌ఆర్ ఉద్యోగి చేతికి ఆవిడ రెజ్యూమె వచ్చింది.

రెజ్యూమె భాష ఎలా ఉంటుందో తెలిసిందే. ఫలితాల మీద దృష్టి, నాయకత్వ లక్షణాలు, డీవియేషన్ల దర్యాప్తు, బ్యాచ్ రికార్డుల పరిశీలన, హెచ్‌పీఎల్‌సీ పరికరం మీద పట్టు. ఒకచోట, గత సంస్థలో డీవియేషన్లను నలభై శాతం తగ్గించినట్టు ఉంది. మందుల ఫ్యాక్టరీలో ప్రతి పనికీ రాసిపెట్టిన పద్ధతి ఉంటుంది. ఎంత వేడి చేయాలి, ఎంతసేపు కలపాలి, తూకం ఎవరు చూడాలి, పక్కన ఎవరు సంతకం చేయాలి అని. ఆ పద్ధతి తప్పితే దాన్ని డీవియేషన్ అంటారు. ఎందుకు తప్పిందో తేల్చి, మళ్లీ జరగకుండా ఏం చేశారో కాగితం మీద చూపించేదాకా ఆ బ్యాచ్ బయటికి వెళ్లదు. అందుకే ఉత్పత్తి విభాగంవాళ్లకు క్యూఏ అంటే తమ బ్యాచ్‌ను ఆపేవాళ్లు. కొత్త క్యూఏ అధికారి వచ్చారంటే, ఈవిడ ఎంత ఇబ్బంది పెడతారో అన్నది అక్కడివాళ్ల మనసులో మెదిలే మొదటి ప్రశ్న. పరిచయం రాసేవారికి ఈ సంగతి తెలిసి ఉండాలి. అది తెలియకపోతే ఎంత చక్కటి భాష రాసినా గురి తప్పుతుంది.

రెజ్యూమెను చూసి నేరుగా పరిచయం రాస్తే రెజ్యూమె భాషే దిగుతుంది. అందుకే చేరిన మొదటి రోజో రెండో రోజో ఆవిడతో ఓ పావుగంట కూర్చోవాలి. అప్పుడు కూడా 'మీ గురించి చెప్పండి' అని మొదలుపెట్టకూడదు. ఆ ప్రశ్నకు ఇంటర్వ్యూలో చెప్పిన జవాబే మళ్లీ వస్తుంది. పాత ఉద్యోగంలో పొద్దున్నే వచ్చి ముందు ఏ పని చూసుకునేవారని అడగాలి. మీరు చేసిన మార్పుల్లో మీరు వచ్చేశాక కూడా అక్కడ కొనసాగుతున్నది ఏదైనా ఉందా అని అడగాలి. ఇక్కడివాళ్లు ఏ విషయం మీద మీ దగ్గరికి వస్తే మీకు సంతోషమని అడగాలి. ఏమని పిలవాలని, ఏది రాయవద్దని కూడా అడగాలి. ఈ చివరి రెండు ప్రశ్నలు చాలామందికి తట్టవు. మన ఆఫీసుల్లో పరిచయాలు చెడేది ఎక్కువగా ఆ రెండింటి దగ్గరే.

మన ఉదాహరణలో ఆవిడ రెండో ప్రశ్నకు ఇలా చెప్పారనుకుందాం. పాత ఫ్యాక్టరీలో తూకం వేసిన సమయాలు రికార్డులో సరిగా పడేవి కావు. నెలకోసారి అదే డీవియేషన్, అదే జవాబు: ఆపరేటరుకు మళ్లీ శిక్షణ ఇచ్చాం. ఆవిడ ఓ షిఫ్టంతా అక్కడే నిలబడి చూశారు. తూకం వేసే చోటుకూ, పుస్తకం ఉండే బల్లకూ మధ్య ఒక గది అడ్డం. ఆపరేటరు నాలుగు తూకాలు వేశాక ఒకేసారి వెళ్లి, గుర్తున్న సమయాలు రాసేవాడు. పుస్తకాన్ని త్రాసు పక్కకు మార్పించారు. ఆ డీవియేషన్ మళ్లీ రాలేదు.

పరిచయానికి ప్రాణం ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది. రెజ్యూమెలోని నలభై శాతం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు, కారణాలున్నాయి. ఆ నలభై శాతం పాత కంపెనీ లెక్క. దాన్ని మనం సరిచూడలేదు, అచ్చువేసే హక్కు మనకుందో లేదో కూడా తెలియదు. పైగా కొత్త చోట అందరూ అదే అంకెను ఆవిడ నుంచి ఎదురుచూడటం మొదలవుతుంది. పుస్తకం జరిపిన సంగతి అలా కాదు. ఇందులో మందు పేరు లేదు, కంపెనీ పేరు లేదు, రహస్యమేమీ లేదు. ఆపరేటరును తప్పుపట్టే ముందు అతను నిలబడే చోటికి వెళ్లి చూసే మనిషి ఈవిడ అని ఉత్పత్తి విభాగానికి అర్థమవుతుంది. వాళ్ల మనసులోని ప్రశ్నకు సరిగ్గా కావలసిన జవాబు అది. మెచ్చుకోలు మాట ఒక్కటీ వాడకుండానే మనిషి మంచితనం తెలిసింది.

ఇప్పుడు ఇదే మనిషి గురించి తొందరలో రాసిన పరిచయం ఎలా ఉంటుందో చూడండి:

'శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఈమె 2012లో ఎమ్మెస్సీ పూర్తిచేశారు. నాణ్యతా రంగంలో తిరుగులేని నిపుణురాలు. గత సంస్థలో అమెరికా తనిఖీ అధికారులు ఎత్తిచూపిన లోపాలను విజయవంతంగా ఎదుర్కొన్నారు. పాప పుట్టాక రెండేళ్లు విరామం తీసుకుని తిరిగి ఉద్యోగంలో అడుగుపెట్టారు. భర్త స్టీల్‌ప్లాంటులో ఇంజనీరు. ప్రతి ఆదివారం ఉదయం బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా సైకిల్ తొక్కడం ఈమె అలవాటు. ఈమె రాకతో మన క్యూఏ విభాగం కొత్త దిశలో పయనిస్తుందని ఆశిస్తున్నాం.'

రాసినవారికి దురుద్దేశం లేదు. ఆత్మీయంగా ఉండాలనే రాశారు. అయినా దాదాపు ప్రతి వాక్యంలో ఒక చిక్కు ఉంది.

తనిఖీ సంగతి చూడండి. అమెరికాకు మందులు పంపే ఫ్యాక్టరీలను అక్కడి ఎఫ్‌డీఏ అధికారులు వచ్చి తనిఖీ చేస్తారు. కనబడిన లోపాలను ఫారం 483 అనే కాగితం మీద రాసి ఇచ్చి వెళతారు. ఆ కాగితానికి జవాబు తయారుచేయడంలో పాలుపంచుకోవడం క్యూఏ మనిషికి పెద్ద అనుభవమే, సందేహం లేదు. కానీ ఆ లోపాలు పాత యజమానివి. వాటి గురించి మాట్లాడనని ఆవిడ అక్కడ చేరేటప్పుడే సంతకం చేసి ఉండవచ్చు. మనం రాసిన వాక్యం వల్ల రేపు ఆవిడకు నోటీసు వస్తే మనం చేయగలిగింది ఏమీ ఉండదు. తనిఖీలకు సిద్ధం కావడంలో అనుభవం ఉంది అంటే చాలు. చదివేవాళ్లకు అంతకంటే అక్కర్లేదు.

రెండేళ్ల విరామం ఆవిడ సొంత విషయం. ఇంటర్వ్యూలో చెప్పారు కదా అనవచ్చు. ఇంటర్వ్యూలో చెప్పింది ఇద్దరు ముగ్గురికి, ఉద్యోగం కోసం. ఫ్యాక్టరీ మొత్తానికి చెప్పమని కాదు. తనంతట తాను చెప్పుకుంటే గౌరవంగా వేయాలి, లేకపోతే ఊసెత్తకూడదు. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. విరామం మాట తీసేసి చదువు పూర్తయిన సంవత్సరం మాత్రం ఉంచేస్తుంటారు. చదువు ముగిసిన ఏడు, అనుభవం తొమ్మిదేళ్లు అని పక్కపక్కనే కనబడితే మిగిలిన ఏళ్లు ఏమయ్యాయని ఎవరో ఒకరు లెక్క వేస్తారు. అదే లెక్కతో వయసు కూడా బయటపడుతుంది. అందుకని సంవత్సరాలు వద్దు. ఎక్కడ ఎంతకాలం ఏ పని చేశారన్నది చాలు.

సైకిల్ మాట మంచిదే. క్యాంటీన్లో మాట కలపడానికి అంతకంటే సులువైనది దొరకదు. అయితే ఒక మహిళ ఏ రోజు, ఏ వేళ, ఏ దారిలో ఒంటరిగా వెళతారో కొన్ని వందల మందికి రాసి చెప్పాలా? సైకిల్ తొక్కడం ఇష్టం అని రాసి ఊరుకోవాలి. ఇష్టం నలుగురికీ చెప్పవచ్చు, రోజువారీ కదలికలు చెప్పకూడదు. మగవారి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది.

ఇక 'కొత్త దిశ' అన్న మాట. ఆ విభాగంలో అదే హోదా తనకు వస్తుందని ఎదురుచూసిన సీనియర్ ఒకరు ఉండే అవకాశం ఎక్కువ. బయటినుంచి మనిషిని తెచ్చారంటే వారికి రాలేదనే అర్థం. ఆ పరిస్థితిలో కొత్త దిశ అని చదివితే, ఇన్నాళ్లూ మీరు నడిపింది తప్పు దిశ అని వినబడుతుంది. కొత్తావిడ మొదటి వారం నుంచే దాని ఫలితం అనుభవిస్తారు. అడిగిన ఫైలు ఆలస్యంగా వస్తుంది, చెప్పవలసిన సంగతి చెప్పరు. పరిచయంలో ఒక్క మాట తీసేస్తే ఈ బెడదంతా పోదు. విభాగాధిపతి ముందే ఆ సీనియర్‌ను కూర్చోబెట్టుకుని ఎదురుగా మాట్లాడాలి. పరిచయం వచ్చేసరికి వారికి తెలిసి ఉండాలి. రాత వల్ల ఆ గాయం పెద్దది కాకుండా చూడటం మాత్రం రాసేవారి చేతిలో ఉంది.

తిరుగులేని నిపుణురాలు అనే మాట కూడా కొత్తవారికి బరువే. రెండో వారంలో ఏదో చిన్న పద్ధతి తెలియక అడిగితే, నిపుణురాలికి ఇది కూడా తెలియదా అంటారు. కొత్త చోట మొదటి మూడు నెలలు అడిగి తెలుసుకోవడానికే. ఆ అడిగే స్వేచ్ఛను మన పొగడ్తతో లాగేసుకోకూడదు.

ఇవన్నీ సరిచేసి రాస్తే ఇలా ఉంటుంది. పేరు ఉండే చోట చుక్కలు పెడుతున్నాను.

'ఈ సోమవారం మన క్యూఏ విభాగంలో డిప్యూటీ మేనేజరుగా ....గారు చేరారు. రెండు, మూడు బ్లాకుల్లో వచ్చే డీవియేషన్లు, బ్యాచ్ రికార్డుల పరిశీలన ఇకమీదట వీరు చూస్తారు. మొదటి అంతస్తులో, క్యూఏ హెడ్ గది పక్కన కూర్చుంటారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివాక నాలుగేళ్లు ల్యాబ్‌లో, ఐదేళ్లు క్యూఏలో పనిచేశారు. ల్యాబ్‌లో ఉన్నప్పుడు హెచ్‌పీఎల్‌సీ మీద రోజంతా కూర్చున్నవారు కావడంతో, ఫలితం రావడానికి ఎందుకంత సమయం పడుతుందో వీరికి విడిగా చెప్పనక్కర్లేదు. గతంలో ఒకచోట తూకాల సమయం రికార్డులో పదేపదే తప్పు పడుతుంటే, షిఫ్టంతా అక్కడే ఉండి చూసి, రాసే పుస్తకాన్ని త్రాసు పక్కకు మార్పించారు. ఆ సమస్య మళ్లీ రాలేదు.

ఈ రెండు వారాలు అన్ని షిఫ్టుల్లోనూ బ్లాకులు తిరిగి చూస్తారు. మీ దగ్గర రాయడానికి ఇబ్బందిగా ఉన్న ఫారం ఏదైనా ఉంటే అప్పుడు చూపించమని అడిగారు. సైకిల్ తొక్కడం వీరికి ఇష్టం. మంచి దారులు తెలిసినవారు చెప్పగలరు.'

ఇంతే. దాదాపు వంద మాటలు. ఫోన్ తెరమీద ఒకటిన్నర సారి వేలితో జరిపితే అయిపోతుంది. ఇందులో స్వాగతం అనే మాట కూడా లేదు. కావాలంటే మొదట చేర్చుకోవచ్చు, అది ఉన్నా లేకపోయినా ఆదరణ తెలుస్తూనే ఉంది. మర్యాదకు గారు, బహువచనం ఉన్నాయి. స్నేహానికి సైకిల్ ఉంది. అన్నిటికంటే విలువైనది ఫారం చూపించమన్న వాక్యం. అది చదివిన ఆపరేటరుకు ఆవిడ దగ్గరికి వెళ్లడానికి ఒక కారణం దొరికింది. అయితే ఆ మాట ఆవిడ నిజంగా అని ఉండాలి. రాసేవారు కల్పించి పెడితే, ఫారం పట్టుకుని వెళ్లినవాడికి అక్కడ అయోమయం ఎదురవుతుంది.

పేరు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. కంపెనీ కంప్యూటర్లలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుంటాయి. పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్న వరసలోనే నింపితే ఇంటిపేరే మొదటి పేరైపోతుంది, అందరూ దానితోనే పిలవడం మొదలుపెడతారు. మూడు నాలుగు మాటల పేరైతే ఇంకా చిక్కు. వెంకట అనో శ్రీ అనో మొదటి ముక్క ఒక్కటే మిగులుతుంది. ఒకే అంతస్తులో నలుగురు వెంకటలు తయారవుతారు, ఇంట్లో ఆ నలుగురినీ ఎవరూ వెంకట అని పిలవరు. పరిచయం వచ్చిన రోజే పిలుపు స్థిరపడిపోతుంది. తర్వాత మార్చుకోవాలంటే కొత్తవారికి మొహమాటం. కాబట్టి మీరు ఏమని పిలిపించుకుంటారని ముందే అడిగి ఆ పేరే వేయాలి. ఇంగ్లీషులో వేస్తే అక్షరాలు కూడా వారు రాసుకునేట్టే ఉండాలి.

ఇంటిపేరుతో ఇంకో సంగతి ముడిపడి ఉంది. మన దగ్గర ఇంటిపేరు, ఊరు రెండూ తెలిస్తే కులం ఏమిటో ఊహించడానికి చూసేవాళ్లు ఉంటారు. కొన్ని పేర్ల చివర ఆ సంగతి నేరుగానే ఉంటుంది. ఫలానా ఊరివారు, ఫలానావారి అమ్మాయి అని పరిచయంలో రాస్తే ఆత్మీయంగానే కనిపిస్తుంది, కానీ ఆ పనికి అది సాయం చేస్తుంది. కొత్తగా వచ్చిన మనిషిని పనిని బట్టి చూడవలసిన మొదటి రోజే మనవాళ్లా కాదా అనే లెక్కలోకి నెట్టినట్టవుతుంది. సొంత ఊరి మీద ప్రేమతో ఆ పేరు వేయమని వారే అడిగితే వేయవచ్చు. మనంతట మనం ఊరు, తండ్రి పేరు, భర్త ఉద్యోగం తవ్వి తీయకూడదు. హైదరాబాద్ ఆఫీసుల్లో అయితే ఊరు చెప్పగానే ఆంధ్రా, తెలంగాణ అనే లెక్క కూడా తోడవుతుంది. చదివిన విశ్వవిద్యాలయం, చేసిన పని చెబితే పరిచయానికి సరిపోతుంది.

మరి పెద్ద పెద్దవాళ్లు కుటుంబం గురించి బాహాటంగా చెప్పుకుంటారు కదా అనిపించవచ్చు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ సీఈవోగా బాధ్యత తీసుకున్న రోజే ఉద్యోగులందరికీ ఒక ఈమెయిల్ రాశారు. అందులో తన వయసు 46 అనీ, పెళ్లయి 22 ఏళ్లనీ, ముగ్గురు పిల్లలనీ చెప్పుకున్నారు. చదవగలిగిన దానికంటే ఎక్కువ పుస్తకాలు కొంటాననీ, పూర్తి చేయగలిగిన దానికంటే ఎక్కువ ఆన్‌లైన్ కోర్సుల్లో చేరతాననీ రాశారు. ఆ పుస్తకాల మాట నాకు చాలా నచ్చుతుంది. కొత్తవి నేర్చుకోవాలనే తపన తనకుందని చెప్పి ఊరుకోకుండా, దాన్ని అలవాటు రూపంలో చూపించారు. రెజ్యూమెలో ఎక్కడా దొరకని సమాచారం అది. అప్పటికే ఆయన ఆ సంస్థలో 22 ఏళ్లుగా ఉన్నా, కొత్త కుర్చీలోకి వస్తూ తనను తాను మళ్లీ పరిచయం చేసుకున్నారు.

కానీ ఆ ఈమెయిల్‌ను నమూనాగా పెట్టుకునేవారు ఒక తేడా గమనించాలి. ఆ వివరాలు రాసింది ఆయనే. ఏది చెప్పాలో, ఏది వదలాలో ఎంచుకున్నదీ ఆయనే. సంస్థలో అందరికంటే పై స్థానంలో ఉన్న వ్యక్తి పెళ్లి, పిల్లల సంగతి చెప్పుకుంటే దగ్గరితనం కలుగుతుంది. నిన్న చేరి, ఇంకా ప్రొబేషన్లో ఉన్న మనిషి గురించి ఇంకొకరు అవే రాస్తే వద్దనే ధైర్యం కూడా ఆ మనిషికి ఉండకపోవచ్చు. వివరం ఒకటే అయినా అది ఎవరి నోటి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి మర్యాద మారిపోతుంది.

దీనికి చట్టం కూడా తోడుంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల కోసం ఉద్యోగి వివరాలు వాడుకోవడానికి యజమానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. జీతం వేయాలంటే బ్యాంకు ఖాతా తెలియాలి, బీమా చేయించాలంటే కుటుంబ సభ్యుల పేర్లు కావాలి. కానీ బీమా ఫారంలో రాసిచ్చిన పిల్లల పేర్లను తీసి స్వాగత పరిచయంలో పెట్టడం ఉద్యోగ అవసరమని వాదించడం కష్టం. ఒక పని కోసం ఇచ్చిన వివరాన్ని ఇంకో పనికి వాడాలంటే అడిగి తీరాలి. ఫొటోకూ అంతే. గేటు దగ్గర ఐడీ కార్డు కోసం తీసిన ఫొటోలో ఎవరూ బాగుండరు కూడా. వారికి నచ్చినది ఒకటి ఇమ్మంటే ఇస్తారు. ఇష్టం లేదంటే ఫొటో లేకుండానే వేయాలి.

ఎప్పుడు వేయాలన్నది కూడా ముఖ్యమే. చేరకముందే వేస్తే రెండు ప్రమాదాలున్నాయి. మన ఐటీ, ఫార్మా కంపెనీల్లో నోటీసు గడువు రెండు మూడు నెలలు ఉండటం మామూలు. ఆ లోపు మంచి ఆఫర్ వచ్చి మనసు మార్చుకునేవాళ్లుంటారు. పరిచయం వచ్చాక మనిషి రాకపోతే అందరికీ ఇబ్బంది. రెండోది, పాత కంపెనీలో ఇంకా రిలీవ్ కాని మనిషి పేరు ఇక్కడ కనబడితే వార్త అక్కడికి చేరుతుంది. చేరాక మరీ ఆలస్యం చేసినా లాభం లేదు. రెండు వారాలు గడిచాక వచ్చే పరిచయం అప్పటికే అందరికీ తెలిసిన విషయాన్ని చెబుతుంది. చేరిన రెండో రోజో మూడో రోజో సరైన సమయం. అప్పటికి వారికి కుర్చీ, కంప్యూటరు, ఈమెయిల్ వచ్చి ఉంటాయి. పలకరిస్తూ ఎవరైనా రాస్తే అందుతుంది.

అదే పరిచయాన్ని ఉన్నదున్నట్టు కంపెనీ బయటి ఖాతాల్లో పెట్టకూడదు. కొత్తగా చేరినవారి కోసం కాచుకునే మోసగాళ్లు ఉన్నారు. ఫలానా సంస్థలో ఈ వారమే చేరారని తెలియగానే ఎండీ పేరుతో సందేశం పంపుతారు. మీటింగులో ఉన్నాను, అర్జంటుగా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమని అడుగుతారు. ఎండీ ఎలా మాట్లాడతారో ఇంకా తెలియని మనిషి, కాదంటే ఏమవుతుందోనని పంపేస్తాడు. ఏ అంతస్తు, ఎవరి కింద, ఏయే బ్లాకులు అన్న వివరాలు లోపలివాళ్లకు ఉపయోగం, బయటివాళ్ల చేతిలో పడితే ఆయుధం. బయట చెప్పాలనుకుంటే పేరు, హోదా చాలు, అది కూడా కొన్ని వారాలు ఆగి.

కాలేజీ నుంచి నేరుగా వచ్చిన కుర్రవాళ్ల సంగతేమిటని అడుగుతారు. వాళ్లకు చెప్పుకునే ఉద్యోగానుభవం ఉండదు. దాంతో మార్కులు, ర్యాంకులు రాసేస్తారు. అది ఒకే రోజు చేరిన పదిమందిని వరసలో నిలబెట్టి పోల్చడమే అవుతుంది. దానికి బదులు వాళ్లు ఆఖరి ఏడాది చేసిన ప్రాజెక్టులో తమ చేత్తో చేసిన ముక్క ఏదో అడగండి. నలుగురూ కలిసి చేసిన ప్రాజెక్టులో కూడా, పరికరం పనిచేయకపోతే రాత్రంతా కూర్చుని తప్పు వెతికింది ఒకడుంటాడు, లెక్కలు వేసింది ఒకడు, రిపోర్టు రాసింది ఒకడు. ఆ తేడా రాస్తే చాలు, ఎవరికి ఏ పని అప్పజెప్పాలో టీమ్ లీడరుకు తోస్తుంది.

ఫ్యాక్టరీల్లో ఇంకో లోటు ఉంది. ఇంట్రానెట్ చూసేది కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లే. షిఫ్టులో మిషన్ల దగ్గర నిలబడేవాళ్లకు అది అందదు. పరవాడ ఆవిడ పరిచయం అందరికంటే చేరవలసింది వాళ్లకే కదా! ఇంగ్లీషులో వేసిన పరిచయాన్ని తెలుగులో కూడా రాసి, ఒక కాగితం క్యాంటీన్ బోర్డు మీద పెట్టాలి. షిఫ్టు మొదట్లో జరిగే మాటామంతీలో సూపర్‌వైజరు చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

చివరిగా, ఇలాంటి పరిచయాలు రాసే వారందరికీ ఒక విన్నపం. వేసే ముందు చిత్తుప్రతిని ఆ మనిషికి పంపండి, చదివి చూసుకోవడానికి ఒక పూటైనా ఇవ్వండి. వారు ఏదైనా వాక్యం కొట్టేసి పంపితే తీసేయండి, కారణం అడగవద్దు.